కొబ్బరి చట్నీ గిన్నెకు కట్టిన కార్డు: డెల్టాలోని ఒక హోటల్లో ఉదయపు బఫే కేసు

పాలకొల్లు నుంచి భీమవరం వెళ్ళే దారిలో ఉన్న 34 గదుల హోటల్లో ఆహార విభాగం బాధ్యత నాది. ఒక కార్తిక మాసంలో మా ఉదయపు బఫేలో జరిగిన పొరపాటును, దానికి కారణం ఎక్కడుందో వెతుకుతూ వెళ్ళి చివరికి టిఫిన్ వేళలనే మార్చుకోవలసి వచ్చిన తీరును ఇక్కడ రాస్తున్నాను. చిన్న హోటళ్ళలో బఫే నడిపేవారికి ఇది పనికి వస్తుందని నా నమ్మకం, ఎందుకంటే మేము చేసిన తప్పు ఏ వంటగదిలోనైనా, ఎంత మంచి వంటవాడి చేతిలోనైనా జరగగలిగినది.

కార్తికంలో మా హోటల్‌కు వచ్చేవారిలో మూడు రకాలవారు కలుస్తారు. పంచారామాలలో నాలుగు, అంటే ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం, ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. ఐదవదైన అమరావతితో కలిపి ఒకే రోజులో అన్నీ దర్శించాలనుకునేవారు తెల్లవారకముందే బయలుదేరతారు. రెండవవారు రొయ్యల వ్యాపారం మీద వచ్చేవారు. వారిలో ఉత్తరాదివారు, అప్పుడప్పుడు విదేశీయులు ఉంటారు, చెరువుల దగ్గరికి ఎనిమిదిన్నరకల్లా బయలుదేరాలి. మూడవవారు పెళ్ళిళ్ళకు వచ్చే హైదరాబాదు, అమెరికా చుట్టాలు. రాత్రి ఆలస్యంగా పడుకుని తొమ్మిది దాటాక పిల్లలతో కిందికి దిగుతారు. ఒకే బల్ల మీద ఒకరికి ఉల్లి, వెల్లుల్లి లేని టిఫిన్ కావాలి, మరొకరికి ఆమ్లెట్ కావాలి, ఇంకొకరికి కారం తగలనిది కావాలి.

అప్పట్లో మా బఫే ఉదయం 7:30 నుంచి 10:30 వరకు ఒకే విడతగా నడిచేది. ప్రతి పాత్ర ముందు లామినేషన్ చేసిన చిన్న బోర్డు ఉండేది. దాని మీద వంటకం పేరు, ఆకుపచ్చ చుక్క, పక్కన మిరపకాయ బొమ్మ ఉండేవి. ఆ బోర్డులను ఏడాది కిందట ఒకేసారి ముద్రించాము. చూడటానికి చక్కగా ఉండేవి, తుడిస్తే శుభ్రపడేవి, కనుక వాటి గురించి ఎవరమూ మళ్ళీ ఆలోచించలేదు.

ఒక ఆదివారం ఉదయం తొమ్మిది గంటల వేళ పెళ్ళికి వచ్చిన ఒక కుటుంబం టిఫిన్‌కు దిగింది. తొమ్మిదేళ్ళ బాబుకు వేరుశనగ పడదు. తల్లి బోర్డు చదివింది, ‘కొబ్బరి చట్నీ’ అని ఉంది. అయినా జాగ్రత్తగా పక్కన నిలబడిన మా కుర్రవాణ్ణి అడిగింది: “బాబూ, ఇందులో నట్స్ ఏమైనా ఉన్నాయా?” వాడు గిన్నెలోకి తొంగి చూసి చెప్పాడు: “లేవండి. కొబ్బరేనండి, ఇందాకే రుబ్బారు.” బాబు రెండు ఇడ్లీలు ఆ చట్నీతో తిన్నాడు. కొద్ది నిమిషాలలోనే పెదవులు వాచాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి, దగ్గు మొదలై గొంతు బొంగురుపోయింది. తల్లి దగ్గర అడ్రినలిన్ ఇంజెక్షన్ పెన్ను ఉంది. బాబును పడుకోబెట్టి తొడ బయటివైపు ఇచ్చింది. మా కారులోనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. తగ్గినట్టే తగ్గి కొన్ని గంటల తరువాత మళ్ళీ రావచ్చని వైద్యులు సాయంత్రం వరకు ఉంచుకున్నారు. బాబు క్షేమంగా తిరిగి వచ్చాడు. ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. బోర్డు చేతిలోకి తీసుకుని, “నేను చదివే పెట్టానండి,” అంది. అందుకే ఆ బోర్డును ముందు పెట్టుకుని పని మొదలుపెట్టాను.

ఆ మధ్యాహ్నం వంట మేస్త్రిగారితో కూర్చుని ఆ ఉదయం ఏ గిన్నె ఎప్పుడు బయటికి వెళ్ళిందో వరుసగా రాసుకున్నాము. ఆయన మొదట అన్న మాట నిజమే: “నేను చేసింది కొబ్బరి చట్నీయేనండి, పది కాయలు కొట్టించాను.” 7:30కి వెళ్ళిన గిన్నెలో కొబ్బరి, పచ్చిమిర్చి, కొంచెం పుట్నాల పప్పు, తాలింపు తప్ప మరేమీ లేవు. ఆ గిన్నె 8:40కి అడుగంటింది. అప్పటికి హాలు నిండా జనం. కోనసీమ పక్కనే ఉన్న మాకు కొబ్బరికాయలకు లోటు లేదు, మూలన బస్తాడు కాయలున్నాయి. లేనిదల్లా వాటిని కొట్టి, తురిమే మనిషి. ఆ మనిషి పూరీలు వత్తుతున్నాడు. సహాయ వంటవాడు మిగిలిన కొబ్బరి తురుములో, వేయించి పొట్టు తీసి ఉంచిన వేరుశనగ గుళ్ళు రెండు గుప్పిళ్ళు వేసి రుబ్బి, అదే తాలింపు పెట్టి, బల్ల మీద ఉన్న పాత గిన్నెలోనే పోశాడు. రంగు దాదాపు అదే, రుచి కొంచెం కమ్మగా ఉంటుంది, తిన్నవారు బాగుందనే అంటారు. అతను చేసినది ఇంట్లో ఎవరైనా చేసేదే. కాని ఆ క్షణం నుంచి బోర్డు మీది మాట తప్పయింది. ఉదయం ఏడున్నరకు నిజమైన బోర్డు తొమ్మిదింటికి ఒక బాబును ఆసుపత్రికి పంపింది.

రెండవ లోపం మాటలో ఉంది. మా కుర్రవాడు అబద్ధం చెప్పలేదు. ‘నట్స్’ అంటే వాడికి జీడిపప్పు, బాదం, పిస్తా. వేరుశనగ వాడి లెక్కలో గింజ, ఇంకా చెప్పాలంటే చట్నీకి దినుసు. మన ఊళ్ళలో దాన్ని నట్ అని ఎవరూ అనరు. వృక్షశాస్త్రం ప్రకారం కూడా అది కందులు, పెసల వంటి కాయధాన్యమే. పైగా ఇక్కడ వేరుశనగ గుళ్ళు అంటే హైదరాబాదువారు పల్లీలంటారు, ఉత్తరాదివారు మూంగ్‌ఫలీ అంటారు, ‘శనగ’ అని సగం విన్నవారు శనగపప్పు అనుకుంటారు. కాబట్టి అడిగినది ఒకటి, విన్నది ఒకటి. ఇద్దరూ జాగ్రత్తపరులే అయినా జాగ్రత్త వృథా అయింది.

మూడవది మిక్సీ జార్లో దొరికింది. ‘అసలు మొదటి గిన్నె అయినా ఆ బాబుకు పెట్టదగినదేనా’ అనే ప్రశ్న నాకు రాత్రి వరకు వదలలేదు. కడిగి బోర్లించిన పెద్ద జారును తీసుకుని, మూతకున్న రబ్బరు వాషరును గోరుతో పైకి లేపి చూశాను. కింద గోధుమ రంగు ముద్ద గట్టిపడి ఉంది. బ్లేడు అడుగున కూడా అంతే. వేరుశనగ చట్నీ, కొబ్బరి చట్నీ రెండూ అందులోనే రుబ్బుతాము. అంటే వేరుశనగ వేయని రోజున కూడా మా కొబ్బరి చట్నీ వేరుశనగ తగలనిది అని రాసే అర్హత మాకు లేదు.

ఇక్కడి నుంచి విషయం బోర్డుల నుంచి వేళల మీదికి వెళ్ళింది. చేతిలో మనిషి ఉండి, పది నిమిషాల వ్యవధి ఉండి ఉంటే ఆ సహాయకుడు మరో నాలుగు కాయలు తురిమించేవాడు. కనుక తరువాతి మూడు రోజులు హాలు గుమ్మం దగ్గర కాగితం పెట్టి, అరగంటకు ఎంతమంది లోపలికి వచ్చారో గీతలు గీయించాను. 80 మంది అతిథులున్న రోజున మొదటి గంటలో పదిహేను మందికి మించలేదు. 8:30 నుంచి 9:30 మధ్య దాదాపు యాభై మంది వచ్చారు. తెల్లవారి నాలుగున్నరకు బయలుదేరిన పంచారామ యాత్రికులకైతే మా బఫే అందనే లేదు. కొందరు టిఫిన్ డబ్బు గదిలో కలిపి కట్టి, ఖాళీ కడుపుతో వెళ్ళారు. మూడు గంటల బఫే అని పేరేగాని, మేము నడిపినది ఒక గంట తొక్కిసలాట. మార్పులు, కల్తీలు, గరిటెలు తారుమారు కావడం, అన్నీ ఆ గంటలోనే.

వేళలను ఇలా మార్చాము. అతిథి గదిలో దిగేటప్పుడే రిసెప్షన్‌లో, “రేపు ఎన్నింటికి బయలుదేరతారండి?” అని అడిగి, గది నంబరు పక్కన సమయం రాస్తారు. రాత్రి తొమ్మిదికి ఆ కాగితం వంటగదికి వస్తుంది. నాలుగున్నర నుంచి ఆరు వరకు బఫే లేదు. కోరినవారికి ఇడ్లీ, పులిహోర పొట్లాలు, అన్నీ ఉల్లి, వెల్లుల్లి లేనివి. దర్శనమయ్యేదాకా ఏమీ తినని వారు వాటిని దారిలో తినడానికి పట్టుకుపోతారు, సోమవారం ఉపవాసమున్న వారికి పాలు, అరటిపళ్ళు ఇస్తాము. బఫే 7:00కే తెరుస్తాము. ఇది రొయ్యల వ్యాపారస్థులకు కుదిరింది. అనుకోకుండా జైన అతిథులకూ కుదిరింది. నవకారసీ పాటించేవారు సూర్యోదయమైన 48 నిమిషాలకు గాని ఏమీ నోట పెట్టరు, నవంబరులో మా దగ్గర అది ఏడింటికి అటూ ఇటూగా వస్తుంది. పెళ్ళివారికి రెండు వేళలు చెప్పి ఏదో ఒకటి ఎంచుకోమంటాము: 8:15 లేదా 9:15. రావలసిందేనని పట్టు పట్టము, కాని ముందుగా అడిగినందువల్లనే సగం మంది ఆ వేళకు వస్తారు. ప్రతి వేళకు పదిహేను నిమిషాల ముందు కొత్త ఇడ్లీ వాయి, కొత్త చట్నీ సిద్ధంగా ఉంటాయి. చివరి వాయి 9:30కి. 10:00కు బఫే మూసి, ఆ తరువాత వచ్చినవారికి బల్ల దగ్గరికే దోసె వేసి తెస్తాము.

చట్నీ చేసే పరిమాణం కూడా దీనితోనే మారింది. పది కాయలు ఒకేసారి రుబ్బడం మానేసి, మూడేసి కాయల చొప్పున రుబ్బుతున్నాము. మా గాలిలో తేమ ఎక్కువ. పచ్చికొబ్బరి చట్నీ మంచు ముక్కల పళ్ళెంలో పెట్టకపోతే పది గంటలకల్లా పులుపు తిరుగుతుంది. చిన్న వాయిలతో ఆ బెడదా పోయింది.

లామినేషన్ బోర్డులను తీసేశాము. ఇప్పుడు కార్డు బల్లకు కాదు, గిన్నెకు ఉంటుంది. వంటగదిలో ఆ వాయి చేసినవాడే కార్డు రాసి, గిన్నె చెవికి క్లిప్పుతో తగిలిస్తాడు. గిన్నెతో పాటు కార్డు బయటికి వెళ్తుంది, గిన్నెతో పాటే వెనక్కి వస్తుంది. బల్ల మీద ఉన్న గిన్నెలో మరొకటి పోయడం పూర్తిగా నిషేధం. అడుగున రెండు గరిటెలు మిగిలినా సరే, పాత గిన్నె లోపలికి, కొత్త గిన్నె బయటికి. కార్డు లేని గిన్నెను హాలు కుర్రవాడు వంటగది గుమ్మం దాటనివ్వకూడదు. ఈ ఒక్క అధికారం వాడికి ఇవ్వడానికి మేస్త్రిగారు వారం రోజులు ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం సబబైనదే: రాయడానికి వంటవాడికి తీరిక ఏది? అందుకని కార్డులో దినుసుల పేర్లు ముందే ముద్రించి ఉంచాము, వేసినవాటి మీద టిక్కు పెడితే చాలు. ఒక వాయికి పది సెకన్లు పడుతుంది.

కార్డులో గింజలకు రెండు వేర్వేరు గీతలు ఉన్నాయి. ఒకటి వేరుశనగ, పక్కనే ‘పల్లీలు, మూంగ్‌ఫలీ’ అని తెలుగు, హిందీ, ఇంగ్లీషు లిపులలో ఉంటుంది. రెండవది జీడిపప్పు, బాదం, పిస్తా. ఈ రెండింటినీ కలిపి ‘నట్స్’ అని రాయకూడదు, ఎందుకంటే వేరుశనగ పడనివారందరికీ జీడిపప్పు పడకపోవాలని లేదు, జీడిపప్పు పడనివారు వేరుశనగ సుఖంగా తినవచ్చు. జీడిపప్పు, పిస్తాలు మాత్రం ఒకే కుటుంబానికి చెందిన చెట్లవి. ఒకటి పడనివారికి రెండవది కూడా తరచు పడదు. కొబ్బరిని ఈ గీతల్లో చేర్చలేదు, అది పేరులోనే కనబడుతుంది. ‘నట్స్ లేవు’ అనే మాట మా కార్డుల మీద ఎక్కడా ఉండదు. టిక్కు లేకపోతే ‘వేయలేదు’ అని అర్థం, అంతే. కార్డు అడుగున ‘ఈ వంటగదిలో వేరుశనగ, జీడిపప్పు వాడుతాము, పడనివారు దయచేసి ముందుగా చెప్పండి’ అని ఉంటుంది.

ముందుగా చెప్పినవారికి బఫే పెట్టము. ఇది నేను గట్టిగా చెప్పదలచిన మాట. బల్ల మీద ఎంత మంచి కార్డున్నా, ఒక పిల్లవాడు వేరుశనగ చట్నీ గరిటెను సాంబారులో ముంచితే అది చేసేదేమీ లేదు. వారికి విడి ప్లేటు వంటగది నుంచి వస్తుంది: వేరే పెట్టిన ఇడ్లీ రేకు, నీలం టేపు అంటించిన విడి జారులో రుబ్బిన చట్నీ లేదా సీలు తీయని కప్పు పెరుగు. వేయించినవి ఇవ్వము. గానుగ వేరుశనగ నూనెలో పప్పు తాలూకు మాంసకృత్తులు మిగిలి ఉంటాయి. బాగా శుద్ధి చేసిన నూనెలో అవి దాదాపు ఉండవు గాని, మా గారెల మూకుడులో ఆ రోజు ఏ డబ్బా నూనె పోశారో నేను హామీ ఇవ్వలేను.

వేరుశనగ చట్నీని పూర్తిగా తీసేద్దామా అన్న చర్చ కూడా జరిగింది. తీయలేదు. దోసె వేసే చోట వంటవాడి దగ్గర చిన్న గిన్నెలలో ఉంటుంది, అడిగినవారికి అతనే చేతికిస్తాడు. బల్ల మీద దాని గరిటె లేదు కనుక ఇంకొక గిన్నెలోకి పోయే దారి చాలావరకు మూసుకుపోయింది.

జీడిపప్పు సంగతి వేరు. పొంగలి మీద, ఉప్మా మీద వేయించి చల్లినది కంటికి కనబడుతుంది, కనుక వంటవాడు టిక్కు పెడతాడు. పూరీలోకి చేసే కుర్మాలో నానబెట్టి రుబ్బిన జీడిపప్పు కనబడదు, అక్కడే మరచిపోతాడు. ఆత్రేయపురం నుంచి తెప్పించే పూతరేకులు మరీ కష్టం: బెల్లం, నెయ్యి మాత్రమే పెట్టినదీ, బాదం, పిస్తా, జీడిపప్పు పొడి పెట్టినదీ మడత చుట్టాక పైకి ఒకేలా ఉంటాయి. రెండు రకాలనూ వేర్వేరు రోజులలో తప్ప బల్ల మీద పెట్టడం మానేశాము.

శాకాహార గుర్తు విషయంలో మా తప్పులు చిన్నవేగాని, కార్తికంలో అవి మనసుకు తగులుతాయి. మన ఆహార భద్రతా నియమాల ప్రకారం గుడ్డు మాంసాహారమే. పాలు, పెరుగు, నెయ్యి, తేనె శాకాహారం. చతురస్రంలో ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తు. మాంసాహారానికి ఇదివరకు గోధుమరంగు చుక్క ఉండేది; 2020 నాటి లేబులింగ్ నిబంధనలతో అది గోధుమరంగు త్రిభుజమైంది, రంగుల తేడా తెలియనివారు కూడా ఆకారాన్ని బట్టి గుర్తుపట్టగలరు. మా దగ్గర ఆమ్లెట్ బల్ల మీద త్రిభుజం ఉన్నా, దాని ఎదుటనున్న కేకు ముక్కలకు ఆకుపచ్చ చుక్క ఉండేది. వాటిలో గుడ్డు ఉంది. ఆదివారాలు గారెల పక్కన నాటుకోడి కూర పెట్టేవాళ్ళము, ఆ కూర గరిటె నుంచి గారెల మీద చుక్కలు పడేవి. ఇప్పుడు త్రిభుజం ఉన్నవన్నీ వేరే బల్ల మీద, వేరే పట్టకార్లతో ఉంటాయి. గారెలు రెండు బల్లల మీదా పెడతాము. దోసె పెనం మీద ఆమ్లెట్ వేయరు. ఉల్లి, వెల్లుల్లి సంగతి ఆకుపచ్చ చుక్క చెప్పదు కనుక దాన్ని మాటలలోనే, ‘ఉల్లి, వెల్లుల్లి వేయలేదు’ అని రాస్తాము.

కారం గుర్తు చాలాకాలం పనికిరానిదిగానే ఉంది, ఎందుకంటే ఎన్ని మిరపకాయలు వేయాలో నిర్ణయించేది మా మేస్త్రిగారు. ఆయన నాలుకకు అన్నీ ఒక మిరపకాయే. ఒక విదేశీ అతిథి బ్రెడ్డు పక్కనున్న అల్లం పచ్చడిని జామ్ అనుకుని మందంగా రాసుకున్నారు. గోధుమరంగు, బెల్లం మెరుపు, అదే చోటు. ఆయనను తప్పు పట్టలేము. నీళ్ళు తాగితే తగ్గదు, కారం కొవ్వులో కరుగుతుంది గాని నీటిలో కరగదు. పెరుగు తెచ్చి ఇచ్చాము. అప్పటి నుంచి నాలుగు వంటకాలను కొలతగా పెట్టుకున్నాము: ఇడ్లీ సున్నా, సాంబారు ఒకటి, అల్లం పచ్చడి రెండు, నల్లకారం మూడు. కొత్త వంటకం ఏది వచ్చినా ఈ నాలుగింటిలో దేనికి దగ్గరో చూసి గుర్తు వేస్తారు. కారం దేనివల్ల అన్నది కూడా కార్డు మీద ఉంటుంది. పొంగలి తెల్లగా అమాయకంగా కనబడుతుంది, అందులో మిరియాలు గింజలుగానే ఉంటాయి. పెసరట్టులో పచ్చిమిర్చి పిండిలో కలిసిపోతుంది. ‘మిరియాలు’, ‘పచ్చిమిర్చి రుబ్బినది’ అన్న మాట చదివితే పిల్లలకు పెట్టే తల్లికి మిరపకాయ బొమ్మ కంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇవన్నీ నిలిచాయా లేదా అని తెలుసుకోవడానికి రోజూ తొమ్మిదింటికి, అంటే రద్దీ వేళలోనే, బల్ల మీది ఒక గిన్నెను ఎంచుకుని, కార్డు చూడకుండా అందులో ఏమేమి వేశావని ఆ వాయి చేసినవాణ్ణి అడుగుతాను. తరువాత కార్డుతో పోలుస్తాను. మొదటి రెండు నెలలలో మూడుసార్లు తేడా వచ్చింది. మూడింటిలోనూ వంటవాడు కార్డు సరిగ్గానే రాశాడు. ఆ తరువాత గిన్నె బయటికి వెళ్తుండగా అందంగా ఉంటుందని మరొకరు పైన జీడిపప్పు చల్లారు. ఇప్పుడు వేయించిన జీడిపప్పు వంటగదిలో ఏ వంటకం మీదా పడదు. బల్ల చివర మూతపెట్టిన చిన్న డబ్బాలో, దాని కార్డుతో, దాని చెంచాతో ఉంటుంది. కావలసినవారు తమ ప్లేటులో తామే వేసుకుంటారు.